సర్టిఫికెట్‌లో పేరు తప్పు పడితే రాయాల్సిన లేఖ: ఒక యూటీ లెవెల్ 2 కేసు

చెన్నైలో, అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోని ఒక ఇన్‌స్పెక్షన్ కంపెనీలో టెక్నీషియన్ల సర్టిఫికెట్లు, రికార్డులు చూసుకోవడం నా పని. వెల్డింగ్ జాయింట్ల లోపల పగుళ్లున్నాయా అని అల్ట్రాసోనిక్ పద్ధతిలో, అంటే యూటీతో, పరీక్ష చేసే కుర్రాళ్లు మా దగ్గర ఎక్కువ. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ కేసు వాళ్లలో ఒకతనిది. ఇక్కడ అతన్ని సత్యనారాయణ అంటాను. అసలు పేరు వేరు, కానీ జరిగిన తప్పు మాత్రం సరిగ్గా ఈ రకందే.

ఇలాంటి పరీక్షలు చేసేవాళ్ల అర్హతకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9712 ప్రకారం యూటీలో రెండో స్థాయి, అంటే లెవెల్ 2 పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. పాస్‌పోర్టులో అతని పేరు SATYANARAYANA. ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో పూర్తిగా ఉంది, కె అక్షరంతో మొదలవుతుంది. సర్టిఫికెట్‌లో పడింది మాత్రం K SATHYANARAYANA. టి తర్వాత ఒక హెచ్ ఎక్కువ.

ఈ హెచ్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెన్నైలో ఉన్న తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మనం సతీష్‌ని ఎస్-ఏ-టి అని మొదలుపెడితే ఇక్కడ ఎస్-ఏ-టి-హెచ్ అంటారు. లత, గీత, కార్తీక్, అన్నిటికీ అంతే. తమిళనాడులో 'త' శబ్దానికి టిహెచ్ రాయడం అలవాటు. పరీక్ష ఇక్కడి సెంటర్‌లో జరిగింది. చేతిరాత దరఖాస్తు చూసి జాబితా టైప్ చేసినవాళ్లు ఇక్కడివాళ్లు. చేయి అలవాటు కొద్దీ హెచ్ కొట్టేసింది. ఆ జాబితానే సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకి వేరే రాష్ట్రంలో ఉన్న హెడ్డాఫీసుకు వెళ్లింది, అక్కడ దాన్ని చూసే సర్టిఫికెట్ ముద్రించారు. అక్కడివాళ్ల కంటికి రెండూ సరైన పేర్లలాగే కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

చెన్నైలో పని చేసినంత కాలం దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. గల్ఫ్‌లో ఒక ప్రాజెక్టుకి పేరు పంపినప్పుడు విషయం బయటపడింది. అక్కడి క్లయింటు ఇన్‌స్పెక్టర్‌ని సైట్‌లోకి రానిచ్చే ముందు పాస్‌పోర్టు, సర్టిఫికెట్, చూపు పరీక్ష రిపోర్టు, అనుభవ పత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తాడు. పేరు కలవకపోతే ఫైలు వెనక్కే. మా ఫైలూ అలాగే వచ్చింది.

మొదటి లేఖ ఎందుకు పని చేయలేదు

నా దగ్గరికి వచ్చేసరికే సత్యనారాయణ ఒక లేఖ పంపేసి ఉన్నాడు. ఎక్కడో దొరికిన నమూనా చూసి రాసుకున్నాడు. దాని విషయం లైనులోనే 'పేరు మార్పు కొరకు అభ్యర్థన' అని ఉంది. లోపల, నా పేరు ఆధార్ ప్రకారం, పాస్‌పోర్టు ప్రకారం ఇంటిపేరు పూర్తిగా వచ్చేలా మార్చగలరు అని రాశాడు. ఆధార్ కాపీ జత చేశాడు. ఎవరో చెబితే నోటరీ దగ్గరికి వెళ్లి 'రెండు పేర్లూ ఒక్క మనిషివే' అని అఫిడవిట్ కూడా చేయించి పెట్టాడు.

ఆ సంస్థ నుంచి వచ్చిన జవాబులో మూడు అడిగారు: గెజిట్ ప్రకటన, పేరు మార్పు ఫీజు, ఒరిజినల్ సర్టిఫికెట్.

"మేడమ్, తప్పు వాళ్లది, గెజిట్ నేనెందుకు వేయించాలి?" అన్నాడు. అతని కోపంలో న్యాయం ఉంది. కానీ జవాబు రాసినవాళ్ల వైపు నుంచి చూస్తే వాళ్ల తప్పూ లేదు. వాళ్ల ముందున్న కాగితం పేరు మార్చమని అడుగుతోంది, పేరు మార్పుకి వాళ్ల నియమం అది.

ఈ పనిలో ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. సర్టిఫికెట్‌లో పేరు తేడా రెండు దారుల్లో వస్తుంది. మనం దరఖాస్తులో సరిగ్గానే రాశాం, వాళ్లు తప్పు ముద్రించారు అనుకోండి, అది సవరణ. దరఖాస్తులో మనం రాసిందే వాళ్లు ముద్రించారు, మనకిప్పుడు వేరేలా కావాలి అంటే అది మార్పు. సవరణలో సంస్థ తన రికార్డును తనే చూసుకుని దిద్దుకుంటుంది. మార్పులో మనం కొత్తగా ఒక విషయాన్ని రుజువు చేయాలి, అందుకే ప్రమాణ పత్రాలు, గెజిట్, ఫీజు వస్తాయి. లేఖ ఏ డబ్బాలో పడిందో జవాబు చూస్తే తెలిసిపోతుంది. గెజిట్ అడిగారంటే మార్పు కింద చూస్తున్నారు. మీ దరఖాస్తు కాపీ పంపండి అన్నారంటే సవరణ కింద చూస్తున్నారు.

అఫిడవిట్ ఇక్కడ మేలు కన్నా కీడే ఎక్కువ చేసింది. 'నాకు రెండు పేర్లున్నాయి' అని మనమే ప్రమాణం చేసినట్టు అయింది. అతనికి రెండు పేర్లు ఏనాడూ లేవు.

ఏది సవరణ, ఏది కాదు

పరీక్ష దరఖాస్తు నింపిన రోజు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నావా అని అడిగాను. అదృష్టం బాగుంది, తీశాడు. పేరు గడిలో పెద్దక్షరాలతో, గడికో అక్షరం చొప్పున K SATYANARAYANA అని స్పష్టంగా ఉంది. ఫీజు రసీదులోనూ అదే స్పెల్లింగ్, అదీ వాళ్ల కంప్యూటర్‌లోంచి వచ్చిన రసీదే. అంటే హెచ్ వాళ్ల వైపే పడింది. ఇంకో రుజువు అక్కర్లేదు.

అయితే ఇంటిపేరు సంగతి వేరు. దరఖాస్తులో అతను కె అనే రాశాడు, పూర్తిగా రాయలేదు. వాళ్లు కె అనే ముద్రించారు. కాబట్టి ఇంటిపేరు పూర్తిగా కావాలనడం కచ్చితంగా మార్పే. మొదటి లేఖ ఈ రెంటినీ కలిపి అడగడం వల్ల, సులువుగా తేలిపోయే హెచ్ కూడా కష్టమైన ఇంటిపేరుతో పాటు ఇరుక్కుపోయింది.

అందుకే ఇనిషియల్ జోలికి ఇప్పుడు వెళ్లొద్దన్నాను. అలా అనే ముందు క్లయింటు డాక్యుమెంట్ విభాగానికి మెయిల్ పెట్టి కనుక్కున్నాను: ఇనిషియల్ ఉంటే ఫర్వాలేదా, స్పెల్లింగ్ ఒక్కటి కలిస్తే చాలా? ఇనిషియల్ పాస్‌పోర్టులోని ఇంటిపేరు మొదటి అక్షరంతో కలుస్తోంది కాబట్టి, కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక వివరణ ఇస్తే ఒప్పుకుంటామన్నారు. ఇది అన్ని చోట్లా చెల్లదు. కొందరు అక్షరం అక్షరం పాస్‌పోర్టులాగే ఉండాలంటారు. అలాంటప్పుడు కూడా ముందు హెచ్ తీయించి, ఆ తర్వాత విడిగా ఇంటిపేరుకి దరఖాస్తు పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

ఒక చిక్కు మిగిలింది. పరీక్ష రోజు హాజరు పట్టికలో అతని పేరు హెచ్‌తోనే ఉంది, దాని ఎదురుగా ఇతను సంతకం పెట్టాడు. పరీక్ష టెన్షన్‌లో ఉన్నవాడు పేరు పక్కన సంతకం పెడతాడు గానీ స్పెల్లింగ్ చూసుకుంటాడా? కానీ వాళ్లు దాన్ని పట్టుకుని 'మీరే ఒప్పుకున్నారు కదా' అనే అవకాశం ఉంది. దాన్ని దాచకుండా మనమే లేఖలో చెప్పేశాం. హాజరు పట్టిక సంతకం మనిషి వచ్చాడని చెబుతుంది. పేరు ఏమిటో చెప్పేది దరఖాస్తే.

రెండో లేఖ

పంపింది ఇంగ్లీషులో. ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను. నంబర్లు, తేదీలు ఖాళీగా వదిలాను.

> విషయం: యూటీ లెవెల్ 2 సర్టిఫికెట్ నంబర్ ______ లో ముద్రణ దోషం సవరణ గురించి
>
> అయ్యా/అమ్మా,
>
> పై నంబరుతో ______ తేదీన మీరు జారీ చేసిన సర్టిఫికెట్‌లో నా పేరు, నేను దరఖాస్తులో ఇచ్చిన దానికి భిన్నంగా ముద్రితమైంది.
>
> సర్టిఫికెట్‌లో ఉన్నది: K SATHYANARAYANA
> దరఖాస్తులో ఉన్నది, ఉండవలసినది: K SATYANARAYANA
>
> టి తర్వాత హెచ్ అనే అక్షరం అదనంగా పడింది. ఇనిషియల్ కాకుండా సరైన పేరులో 13 అక్షరాలు ఉంటాయి. పుట్టిన తేదీ, ఫొటో, మిగిలిన వివరాలన్నీ సరిగ్గా ఉన్నాయి.
>
> ఇది పేరు మార్పు కోసం చేస్తున్న అభ్యర్థన కాదు. నా దరఖాస్తు ఫారం, మీరు ఇచ్చిన ఫీజు రసీదు, రెండింటిలోనూ పేరు సరిగ్గా ఉంది. కాపీలు జత చేశాను. మీ దగ్గర ఉన్న అసలు దరఖాస్తుతో సరిచూడవలసిందిగా కోరుతున్నాను. పరీక్ష రోజు హాజరు పట్టికలో ఇదే దోషం ఉండగా నేను దాని ఎదుట సంతకం చేశాను. ఆ సంతకం నా హాజరుకు సంబంధించినది మాత్రమే.
>
> దయచేసి సర్టిఫికెట్‌ను అదే నంబరుతో, అదే జారీ తేదీ, అదే గడువు తేదీతో సవరించి ఇవ్వండి. వాలెట్ కార్డులోనూ, మీ ఆన్‌లైన్ రిజిస్టరులోనూ పేరును సవరించండి. ముద్రించే ముందు డ్రాఫ్ట్‌ను ఈ మెయిలుకు పంపండి.
>
> ఒరిజినల్ సర్టిఫికెట్, కార్డు తిరిగి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. ఎవరి పేరున, ఏ చిరునామాకు పంపాలో తెలియజేయండి. సవరించిన సర్టిఫికెట్ అందేలోగా, పై నంబరు సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉందని, పేరు సవరణ జరుగుతోందని ఒక ధ్రువీకరణ ఇవ్వగలరు.
>
> జతపరచినవి: సర్టిఫికెట్ కాపీ, దరఖాస్తు ఫారం కాపీ, ఫీజు రసీదు, పాస్‌పోర్టు మొదటి పేజీ, కంపెనీ ధ్రువీకరణ లేఖ

ఇంతే. ఉద్యోగం పోతుందని గానీ, ఇంట్లో ఇబ్బందులున్నాయని గానీ ఒక్క మాట రాయలేదు. సత్యనారాయణకి అది నచ్చలేదు. "వీసా తేదీ దగ్గరపడుతోందని రాద్దాం మేడమ్, జాలి పడతారు" అన్నాడు. అవసరమైతే ఫోన్‌లో చెబుదువు గానీ, లేఖలో వద్దన్నాను. ఆ లేఖ చదివే మనిషి చేయాల్సింది ఒక్కటే. పాత ఫైలు తీసి, దరఖాస్తులో హెచ్ ఉందా లేదా చూడాలి. మిగతావన్నీ ఆ ఒక్క పనికి అడ్డం.

పేర్లు రెండూ ఒకదాని కింద ఒకటి ఎందుకు రాశామంటే, వాక్యం మధ్యలో రాస్తే కన్ను రెండింటినీ ఒకే పేరుగా చదివేస్తుంది. ఆధార్ ఊసు ఎత్తలేదు, ఎందుకంటే వాళ్లు సర్టిఫికెట్ ఇచ్చింది ఆధార్ చూసి కాదు. పాస్‌పోర్టు పేజీ జత చేశాం గానీ దాన్ని ఆధారంగా చూపలేదు. మనిషి వీడేనని తేలడానికి అది చాలు.

సర్టిఫికెట్ నంబరు, తేదీలు మారకూడదన్న వాక్యం చూడ్డానికి చిన్నది గానీ, అది లేకపోతే చాలా నష్టం. ఐఎస్ఓ 9712లో సర్టిఫికెట్ గడువు గరిష్ఠంగా 5 ఏళ్లు. కొత్త నంబరుతో ఇస్తే అది వేరే సర్టిఫికెట్ అవుతుంది. అప్పటిదాకా అతను సంతకం చేసిన యూటీ రిపోర్టులన్నిటి మీదా పాత నంబరు ఉంది. రేపు ఎవరైనా ఆ రిపోర్టు పట్టుకుని నంబరు వెతికితే ఏమీ దొరకదు. అప్పుడు అనుమానం అతని మీదే కాదు, అతను పరీక్ష చేసిన వెల్డింగ్ మీదకీ వెళ్తుంది.

కంపెనీ ధ్రువీకరణ లేఖ ఎందుకంటారా? ఈ ప్రమాణంలో అభ్యర్థి వ్యక్తిగత వివరాలు, శిక్షణ, అనుభవం నిజమేనని సంస్థకు చెప్పేది యజమానే. పరీక్షకు పంపినప్పుడు మేమిచ్చిన కాగితాల్లోనూ హెచ్ లేదు. ఆ సంగతి రెండు లైన్లలో రాసి, మేనేజరు సంతకం, సీలు వేయించాం. సొంతంగా పరీక్ష రాసుకున్నవాళ్లకి ఈ కాగితం దొరక్కపోవచ్చు. వాళ్లకి దరఖాస్తు కాపీ, రసీదు ఉంటే చాలు. ఆ రెండూ కూడా లేకపోతే మీ ఫైల్లో ఉన్న దరఖాస్తు కాపీ ఒకటి పంపండి అని ముందు ఒక మెయిల్ పెట్టి, అది వచ్చాకే సవరణ అడగాలి. మనుషులకు సర్టిఫికెట్లిచ్చే సంస్థలకు వర్తించే ఐఎస్ఓ/ఐఈసీ 17024 ప్రమాణం దరఖాస్తులు, పరీక్ష రికార్డులు దాచి ఉంచాలని చెబుతుంది. కాబట్టి అది వాళ్ల దగ్గర ఉండాలి.

ఒరిజినల్ మాత్రం లేఖతో పాటు పంపలేదు. పంపేస్తే, అక్కడ ఫైలు ఆలస్యమైతే ఇతని చేతిలో ఏ కాగితమూ ఉండదు. వాళ్లు సవరణకి ఒప్పుకుని, పంపమని అడిగాక, రెండు వైపులా రంగు స్కాన్ తీసి, డెలివరీ రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపాం.

జవాబు, ఆ తర్వాత

ఈసారి వచ్చిన జవాబులో గెజిట్ మాట లేదు. దరఖాస్తుతో సరిచూశామని, సవరణకి ఫీజు లేదని, డ్రాఫ్ట్ పంపుతున్నామని రాశారు. ఒక ధ్రువీకరణ మెయిల్ కూడా ఇచ్చారు. దాన్ని క్లయింటుకి పంపితే ఫైలు పక్కన పడేయకుండా పెండింగ్‌లో ఉంచారు.

డ్రాఫ్ట్ తెరిస్తే అందులో K SATYANARYANA అని ఉంది. హెచ్ పోయింది, ఆర్ తర్వాతి ఏ కూడా పోయింది! ఇలా జరగడం అరుదేం కాదు. దిద్దేవాళ్లు ఒక్క అక్షరం తీసేయకుండా పేరు మొత్తం మళ్లీ టైప్ చేస్తారు. ఇంత పొడుగు పేరులో 'నారాయణ' దగ్గర ఏ జారిపోవడం తేలిక. సత్యనారాయణ అప్పటికే సరే అని జవాబు పెట్టబోతున్నాడు. అతని కళ్లు హెచ్ కోసమే వెతికాయి, అది కనబడకపోయేసరికి సంతోషించాడు. ఇలాంటివి చూసేటప్పుడు నేను పేరును చివరి నుంచి మొదటికి ఒక్కో అక్షరం చదువుతాను, తర్వాత లెక్కపెడతాను. 12 వచ్చింది, 13 ఉండాలి. లేఖలో అక్షరాల సంఖ్య రాసింది ఇలాంటప్పుడు పనికొస్తుందనే. 'మా లేఖలో 13 అక్షరాలని ఉంది, డ్రాఫ్ట్‌లో 12 ఉన్నాయి, ఆర్ తర్వాత ఏ చేర్చండి, లేఖలోని పేరునే కాపీ చేసి పెట్టండి' అని జవాబిచ్చాం. రెండో డ్రాఫ్ట్ సరిగ్గా వచ్చింది.

సవరించిన సర్టిఫికెట్, కార్డు వచ్చాయి. నంబరు, తేదీలు పాతవే. కానీ సర్టిఫికెట్ మీదున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునే పేజీలో ఇంకా K SATHYANARAYANA అనే ఉంది. ముద్రణ చూసేవాళ్లు వేరు, వెబ్‌సైటు రిజిస్టరు చూసేవాళ్లు వేరు. కాగితం చేతికొచ్చింది కదా అని ఇక్కడ ఆగిపోతే మొదటికొచ్చినట్టే, ఎందుకంటే గల్ఫ్‌లో క్లయింటు నమ్మేది కాగితాన్ని కాదు, స్కాన్ చేస్తే వచ్చే పేజీని. అప్పుడైతే ఇంకా ఘోరం. కాగితంలో ఒక స్పెల్లింగు, రిజిస్టరులో ఇంకోటి ఉంటే ఎవరో కాగితం దిద్దారనే అనుకుంటారు. ఆ పేజీ స్క్రీన్‌షాట్ పెట్టి, సవరణ ఒప్పుకుంటూ వాళ్లిచ్చిన మెయిలు కిందే జవాబుగా రాశాం. కొత్త మెయిలుగా రాసి ఉంటే మళ్లీ మొదటి నుంచి కథంతా చెప్పాల్సి వచ్చేది. రిజిస్టరు మారాక నంబరుతో ఒకసారి, రెండు స్పెల్లింగులతో చెరోసారి వెతికి చూశాం. పాత స్పెల్లింగుతో ఏమీ రాకూడదు. రాలేదు.

అప్పుడే క్లయింటుకి కొత్త సెట్ పంపాం. ఆమోదం వచ్చింది.

మా వైపు మిగిలిన పని

సర్టిఫికెట్ పేరు మారితే దాన్ని చూసి మేం తయారు చేసినవన్నీ మారాలి. లెవెల్ 2 సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన మనిషిని పనిలోకి దింపలేం. ఫలానా పని చేయడానికి యజమాని రాతపూర్వకంగా అధికారం ఇవ్వాలి. అతనికిచ్చిన ఆ పత్రంలో మేం సర్టిఫికెట్ చూసి హెచ్‌తోనే రాశాం. దాన్ని రద్దు చేసి కొత్తది ఇచ్చాం. ఏటా చేయించే దగ్గరి చూపు పరీక్ష రిపోర్టు ఆసుపత్రి ఇచ్చింది, అందులో పేరు పాస్‌పోర్టు ప్రకారమే ఉంది, ముట్టుకోలేదు. సంతకం కింద వేసే స్టాంపు కొత్తది చేయించుకున్నాడు.

పాత యూటీ రిపోర్టులను మాత్రం దిద్దలేదు. అవి వెళ్లిపోయిన రిపోర్టులు, ఆ రోజు ఉన్న పేరుతో సంతకం చేసినవి. వాటిలో చేయి పెడితే రిపోర్టు విలువే పోతుంది. బదులుగా అతని ఫైల్లో పాత సర్టిఫికెట్ స్కాన్, సవరణ ఒప్పుకున్న మెయిలు, కొత్త సర్టిఫికెట్ వరసగా పెట్టి, పైన ఒక నోట్ రాసి అంటించాం: ఈ నంబరు సర్టిఫికెట్‌లో పేరు ఫలానా తేదీ వరకు హెచ్‌తో ఉండేది, ముద్రణ దోషంగా సంస్థ సవరించింది, నంబరు మారలేదు. ఆడిట్‌కి వచ్చినవాళ్లు పాత రిపోర్టు తీసి అడిగితే చూపించేది ఆ నోటే.

ఇంటిపేరు ఇంకా ఇనిషియల్‌గానే ఉంది. గడువు తీరేలోపు రెన్యువల్‌కి దరఖాస్తు పెట్టేటప్పుడు పేరు గడిలో పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంటిపేరు పూర్తిగా రాయాలి, పేరు మార్పుకి వాళ్లడిగే కాగితాలేవో అప్పుడు ఇవ్వాలి. అది అతని ఫైలు మీద ఎర్ర సిరాతో రాసి పెట్టాను.